నోట్సు వాక్యాన్ని ప్రశ్నగా మార్చుకోవడం

చరిత్ర జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు తరచుగా కనిపించిన లోపం ఒకటుంది. సంవత్సరం, పేరు సరిగ్గానే ఉంటాయి. ప్రశ్న అడిగిన ‘ఎందుకు’ మాత్రం ఉండదు. నోట్సును మళ్లీ మళ్లీ చదివితే వాక్యం పరిచయమవుతుంది, కాని జవాబు చెప్పడం అలవాటు కాదు. అందుకే వాక్యాన్ని ప్రశ్నగా మార్చాలి.

మీ నోట్సులో ఇలా ఉందనుకుందాం: “1793 - కారన్‌వాలీస్ - బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి. జమీందారుకు భూమిపై హక్కు. కట్టాల్సిన శిస్తు మారదు. గడువు నాటి సూర్యాస్తమయంలోగా కట్టకపోతే జమీందారీ వేలం.”

దీనికి నాలుగు ప్రశ్న మూసలు వాడి చూడండి.

1. “... లో ఏది మారదు, ఏది మారవచ్చు?” జమీందారు ప్రభుత్వానికి కట్టేది మారదు. రైతు నుంచి అతను వసూలు చేసేది పెరగవచ్చు. ‘శాశ్వత’ అనే మాటకు అసలు అర్థం ఇక్కడే తేలుతుంది.

2. “... వల్ల ఎవరికి లాభం, ఎందుకు?” సాగు పెరిగితే అదనపు ఆదాయం జమీందారుకు మిగులుతుంది. కంపెనీ వాటా పెరగదు.

3. “... కు, ... కు ఏ అంశంలో తేడా?” మన్రో పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతిలో ప్రభుత్వం రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించుకుంటుంది. పోల్చే అంశాన్ని ప్రశ్నలోనే రాయండి. లేకపోతే రెండు పద్ధతులనూ విడివిడిగా వర్ణించి ఊరుకుంటారు.

4. “... లేకపోతే ఏమయ్యేది?” వేలం నిబంధన లేకపోతే, పంట పోయిన ఏడు జమీందారు బకాయి పెట్టి తప్పించుకోగలిగేవాడు. ఆ నిబంధన ఎందుకు పెట్టారో దీనితో అర్థమవుతుంది.

రెండు పొరపాట్లు గమనించండి. “శాశ్వత శిస్తును 1793లో కారన్‌వాలీస్ ప్రవేశపెట్టాడా?” అన్న ప్రశ్నలోనే జవాబు ఉంది. అవునన్న ఒక్క మాటతో ముగిసే ప్రశ్నను కొట్టివేయండి. “శాశ్వత శిస్తు గురించి వివరించండి” అన్నది మరీ పెద్దది. ఏ భాగం రాలేదో అది చూపించదు. అయిదారు వాక్యాల్లో పూర్తయ్యే ప్రశ్న సరిపోతుంది.

ప్రశ్నలు రాసిన రోజే జవాబులు రాయకండి. నోట్సు ఇంకా కళ్లముందే ఉంటుంది. కనీసం ఒక రోజు ఆగి, పుస్తకం మూసి, కాగితంపై రాయండి. తర్వాత నోట్సుతో పోల్చి, తప్పిన ప్రశ్నకు గుర్తు పెట్టి, రెండు మూడు రోజులకు ఆ ప్రశ్నలే మళ్లీ రాయండి.

ఒక పరిమితి ఉంది. ఈ ప్రశ్నలు నోట్సులో ఉన్నదాన్నే పరీక్షిస్తాయి. నోట్సులో తప్పుంటే జవాబులోనూ అదే తప్పు వస్తుంది. రెండో మూసకు జవాబు మీ నోట్సులో దొరకకపోతే, పాఠంలోని ఆ భాగాన్ని తెరిచి చూడవలసిన సమయం వచ్చిందని గ్రహించండి.