“పర్లేదండి” అన్నందుకు

డాక్టరు “ఎలా ఉందమ్మా?” అని అడగగానే మనవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట “పర్లేదండి, బాగానే ఉన్నారు”. అది మర్యాద కొద్దీ అన్నమాట. కానీ డాక్టరు దాన్ని ఓపీ చీటీ మీద “కోలుకుంటున్నారు” అని రాసుకుంటాడు. కొన్ని నెలల తర్వాత వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం శిబిరానికి వెళ్లినప్పుడు ఆ చీటీయే బోర్డు డాక్టర్ల ముందుకు వస్తుంది. వాళ్లు మనిషిని చూసేది కొద్ది నిమిషాలే. అంతకుముందు నెలల తరబడి ఏం జరిగిందో చెప్పాల్సింది వైద్యం చేసిన డాక్టరు ఇచ్చే ఉత్తరమే.

ఊహకు ఒక దర్జీని తీసుకుందాం. వయసు 48. మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎనిమిది నెలలు గడిచాయి. డాక్టరు జాలిపడి ఇలా రాసిచ్చాడు: “ఈయన పక్షవాతంతో బాధపడుతున్నారు. ఏ పనీ చేసుకోలేరు. 80 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వగలరు.”

ఉన్నవి మూడు వాక్యాలే అయినా ఒక్కటీ అక్కరకు రాదు. పక్షవాతం అనేది జబ్బు పేరు. ఆ జబ్బు వచ్చి దాదాపు పూర్తిగా కోలుకున్నవాళ్లూ ఉన్నారు, మంచం దిగలేనివాళ్లూ ఉన్నారు. బోర్డు కొలిచేది జబ్బును కాదు, అది ఒంట్లో మిగిల్చిన లోటును. ఇక “ఏ పనీ చేసుకోలేరు” అన్న మనిషి కర్ర పట్టుకుని తనంతట తానే గదిలోకి నడిచి వచ్చాడనుకోండి, ఉత్తరం మొత్తం మీద నమ్మకం పోతుంది. శాతం తేల్చడం బోర్డు పని. కొలతల పద్ధతిని కేంద్రం నోటిఫై చేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. బయటి డాక్టరు రాసిన అంకె అక్కడ లెక్కలోకి రాదు.

అదే డాక్టరు రెండోసారి కూర్చుని, దర్జీ భార్యను “పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తాడో చెప్పమ్మా” అని అడిగాడు. ఈసారి “పర్లేదండి” అనడానికి వీల్లేకపోయింది. ఉత్తరం మారింది. జబ్బు వచ్చిన తేదీ, స్కానింగ్‌లో తేలింది, చేసిన వైద్యం, ఎన్ని నెలలు ఫిజియోథెరపీ జరిగిందీ ముందు రాశాడు. ఆ తర్వాత: కుడి చెయ్యి భుజం దాకా లేస్తుంది గానీ వేళ్లు బిగించి గ్లాసు పట్టుకోలేరు. చొక్కా గుండీలు భార్య పెట్టాలి. ఇంట్లో కర్ర సాయంతో నడుస్తారు, మెట్లకు మనిషి ఆసరా కావాలి. మాట స్పష్టంగానే ఉంది.

ఆ చివరి వాక్యం తీసేయమని కొడుకు బతిమాలాడట. డాక్టరు తీయలేదు. చేయగలిగింది కూడా రాసినప్పుడే చేయలేనిదాన్ని నమ్ముతారు.

భార్యకు మాత్రం ఇంకో వెలితి కనిపించింది. “ఈయన కుట్టుపని చేయలేరని రాయలేదేమండీ?” రాయొచ్చు, కానీ వృత్తి పోయినందుకు శాతం పెరగదు. దర్జీ చేతికైనా గుమస్తా చేతికైనా కొలత ఒకటే. అందుకే డాక్టరు “కత్తెర పట్టి వేళ్లు తెరవలేరు, మూయలేరు” అని చేర్చాడు. కుట్టుపని సంగతీ వచ్చింది, బోర్డు పరీక్షించి చూసుకోగల లోటూ వచ్చింది.

ఇక మిగిలింది ఎంతకాలం అన్న ప్రశ్న. సర్టిఫికెట్ నమూనాలోనే ఈ గడి ఉంటుంది: పరిస్థితి మెరుగయ్యే అవకాశం ఉందా లేదా, మళ్లీ పరీక్ష అవసరమా, అవసరమైతే ఎన్నాళ్లకు. మారే అవకాశం ఉంటే గడువుతో తాత్కాలిక సర్టిఫికెట్, లేదనుకుంటే శాశ్వత సర్టిఫికెట్ ఇస్తారు. పక్షవాతంలో కోలుకోవడం ఎక్కువగా మొదటి నెలల్లోనే జరుగుతుంది. అందుకే నరాల జబ్బుల్లో ఆరు నెలలు దాటాకే కొలవాలంటారు. ఉత్తరంలో జబ్బు వచ్చిన తేదీ లేకపోతే ఈ లెక్కకు మొదలే ఉండదు.

“జీవితాంతం ఇంతే” అని రాయమనడం తేలిక. డాక్టరు అలా రాయలేదు. మూడో నెలలో, అయిదో నెలలో, ఎనిమిదో నెలలో చేతి బలం ఎంతుందో వరసగా వేసి, “అయిదో నెల తర్వాత వేళ్లలో మార్పు లేదు. చేతి పట్టు ఇకపై చెప్పుకోదగ్గంత మెరుగుపడే సూచన లేదు. నడక కొంత మెరుగుపడవచ్చు” అన్నాడు. చేతికో మాట, కాలికో మాట.

బోర్డు దీన్ని ఒప్పుకుని తీరాలని లేదు. రెండేళ్ల గడువు పెట్టవచ్చు, దరఖాస్తును తోసిపుచ్చనూవచ్చు. తోసిపుచ్చితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని మీద అప్పీలుకు చట్టంలో దారి ఉంది. అప్పుడు మళ్లీ ఈ ఉత్తరమే కావాలి కాబట్టి దర్జీ భార్య శిబిరానికి వెళ్లే ముందు రెండు జిరాక్సులు తీయించింది. గడువు పెడితే అది ముగిసే తేదీ రాసుకోవడానికి క్యాలెండర్ పక్కన పెన్ను కూడా కట్టింది.