ఫోన్ మారింది, క్యూఆర్ మారలేదు

తెనాలిలో ఓ చిన్న కిరాణా కొట్టు. యజమాని పాత ఫోన్ మొరాయిస్తుంటే కొత్తది కొన్నాడు. రాత్రే రెండు సిమ్‌లూ అందులోకి మార్చాడు. పొద్దున్నే కొట్టు తీశాక పప్పు, నూనె తీసుకున్న ఒకావిడ "బాబాయ్, నూట ఎనభై కొట్టాను, చూసుకో" అంది. యాప్ తెరిస్తే పాత లెక్కలేవీ లేవు. కొత్తగా చేరిన మనిషిని అడిగినట్టు ఫోన్ నంబర్ అడిగింది. నంబర్ ఇస్తే కాసేపు తిరిగి, ధ్రువీకరణ కుదరలేదని చెప్పింది.

ఆయన గుండె ఝల్లుమంది. అంతలో గల్లాపెట్టె పక్కనున్న స్పీకర్ డబ్బా "నూట ఎనభై రూపాయలు అందాయి" అని పలికింది. ఆ డబ్బాకు సొంత సిమ్ ఉంటుంది, అది ఫోన్ మీద ఆధారపడదు. గోడకు అంటించిన క్యూఆర్‌లో ఉండేది కూడా ఆయన యూపీఐ ఐడీయే. ఆ ఐడీ బ్యాంకు ఖాతాకు కట్టి ఉంటుంది. కాబట్టి కొన్నవాళ్లు కొట్టిన డబ్బు నేరుగా ఖాతాలోకే పోతోంది. పోయిందల్లా ఆ ఖాతాను చూసుకునే, అందులోంచి డబ్బు పంపుకునే వీలు మాత్రమే.

మరి యాప్ ఎందుకు తెరుచుకోలేదు? యూపీఐలో ఖాతా వాడాలంటే యాప్, ఫోన్, బ్యాంకులో నమోదైన సిమ్, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడాలి. ఫోన్ మారితే ఆ ముడి విడిపోతుంది, మళ్లీ వేయాలి. ఎవరో మన నంబర్ టైపు చేసి వేరే ఫోన్‌లో మన ఖాతా తెరవకుండా పెట్టిన కాపలా ఇది. ముడి వేసేటప్పుడు యాప్ మన సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్‌ను తనంతట తానే బయటికి పంపుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఓటీపీ వస్తుందని ఎదురుచూస్తారు. ఇక్కడ మెసేజ్ మన దగ్గర్నుంచి వెళ్లాలి.

"మామయ్యా, నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతకనా?" అన్నాడు కొట్లో సాయంగా ఉన్న మేనల్లుడు. "వద్దురా, ముందు మెసేజ్ పోతోందో లేదో చూద్దాం" అన్నాడాయన. ఇది చాలా తెలివైన మాట. వెతికితే దొరికే నంబర్లలో మోసగాళ్లవీ ఉంటాయి. సాయం చేస్తామంటూ తెరను చూపించే యాప్ ఏదో దించుకోమంటారు, పిన్ అడుగుతారు. సాయం కావాలంటే యాప్ లోపలే ఉన్న సహాయ విభాగానికో, బ్యాంకు శాఖకో వెళ్లాలి.

బ్యాంకు సిమ్ నుంచి ఇంట్లో భార్య నంబర్‌కు మామూలు మెసేజ్ ఒకటి పంపాడు. పోలేదు. "ఫోన్లు వస్తున్నాయిగా మామయ్యా, సిమ్ బాగానే ఉంది" అన్నాడు కుర్రాడు. చూస్తే రీఛార్జ్ గడువు తీరిపోయింది. గడువు తీరాక కొన్నాళ్లు ఫోన్లు వస్తూనే ఉంటాయి గానీ ఇక్కణ్నుంచి ఏదీ వెళ్లదు. నెట్ రెండో సిమ్‌ది కాబట్టి ఆయనకు తెలియలేదు. ఎస్ఎంఎస్‌లు కలిసిన ప్యాక్ చూసి వేయించాడు. కొన్ని చవక ప్యాక్‌లలో అవి ఉండవు. పరీక్ష మెసేజ్ మళ్లీ పంపితే ఈసారి చేరింది.

తర్వాత యాప్ తెరిచి, ఏ సిమ్ అని అడిగినప్పుడు బ్యాంకులో ఇచ్చిన నంబర్ ఉన్నదాన్నే ఎంచాడు. కాసేపటికి పాత ఖాతా పేరు కనిపించింది. పాత పిన్‌తోనే నిల్వ చూసుకున్నాడు. పిన్‌ను సరిచూసేది బ్యాంకు కాబట్టి ఫోన్ మారినా అది మారదు. పొద్దున్నుంచి వచ్చినవన్నీ వరసగా ఉన్నాయి, ఆ నూట ఎనభైతో సహా. సిమ్ పోయి కొత్త సిమ్ తీసుకుని ఉంటే మాత్రం ఇంత తొందరగా అయ్యేది కాదు. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపి ఉంచుతారు, అంతవరకు ఆగాల్సిందే.

మధ్యాహ్నం హోల్‌సేల్ వ్యాపారికి 12 వేలు పంపబోతే యాప్ ఒప్పుకోలేదు. ఫోన్ మార్చాక మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు సుమారు 5 వేల దాకే పంపనిస్తాయి. డబ్బు అందుకోవడానికి ఆ అడ్డు లేదు. ఆయన నాలుగు వేలు పంపి, "మిగతాది రేపు సాయంత్రం వేస్తానండీ" అని ఫోన్ చేసి చెప్పాడు. పాత ఫోన్‌ను అమ్మకానికి ఇచ్చే ముందు అందులోని చెల్లింపుల యాప్ తీసేసి, సెట్టింగ్స్‌లో మొత్తం చెరిపేశాడు.