ఒక్క ‘లో’కి ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు



మీ పిల్లల ఇంగ్లిష్ నోట్‌బుక్‌లో టీచర్ ‘ఇన్’ కొట్టేసి, దాని పైన ‘ఆన్’ అనో ‘ఎట్’ అనో రాయడం మీరు చూసే ఉంటారు. అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. పిల్లలు మనసులో తెలుగు వాక్యం అనుకుని, దాన్ని ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. అక్కడ మన ‘లో’ వాళ్ళని ఇబ్బంది పెడుతుంది.

ఈ నాలుగు వాక్యాలు చూడండి. నేను బస్సులో ఉన్నాను. నాన్న ఫోన్‌లో మాట్లాడుతున్నారు. తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. అమ్మ హాస్పిటల్‌లో ఉంది. నాలుగింటిలోనూ ‘లో’ ఉంది కాబట్టి పిల్లలు నాలుగుచోట్లా ‘ఇన్’ పెట్టేస్తారు. ఇంగ్లిష్‌లో అయితే మొదటి రెండింటికి ‘ఆన్’ రావాలి: ‘ఆన్ ది బస్’, ‘ఆన్ ది ఫోన్’. మూడోదానికి ‘ఎట్ హోమ్’. నాలుగోదాని సంగతి కాస్త ఆగి చూద్దాం.

బస్సుకి ‘ఆన్’, కారుకి ‘ఇన్’ ఎందుకు?

లేచి నిలబడి, నాలుగడుగులు నడవగలిగే వాహనానికి ఇంగ్లిష్‌లో ‘ఆన్’ వాడతారు. బస్సు, రైలు, విమానం అలాంటివి. కారు, ఆటో అలా కాదు. వంగి ఎక్కి కూర్చోవడమే, నడవడానికి చోటుండదు. అందుకే ‘ఇన్ ది కార్’, ‘ఇన్ యాన్ ఆటో’. బైక్ మీద, సైకిల్ మీద అని తెలుగులోనూ అంటాం కాబట్టి అక్కడ ‘ఆన్’ తేలిగ్గానే వచ్చేస్తుంది. ‘ఇన్ ది బస్’ అనడం పూర్తిగా తప్పేమీ కాదు. గొడుగు బస్సు లోపల ఉండిపోయిందని చెప్పాలంటే అది సరిపోతుంది. ప్రయాణం గురించి చెప్పేటప్పుడు మాత్రం ‘ఆన్’ అనాలి.

అర్థమే మారిపోయే చోటు

ఇప్పుడు హాస్పిటల్ వాక్యానికి వద్దాం. అమ్మమ్మని చూడడానికి అమ్మ హాస్పిటల్‌కి వెళ్ళింది. పాప ఆఫీసులో ఉన్న నాన్నకి ‘మమ్మీ ఈజ్ ఇన్ హాస్పిటల్’ అని మెసేజ్ పెట్టింది. ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్ళు అది చదివితే అమ్మనే హాస్పిటల్‌లో అడ్మిట్ చేశారని అర్థం చేసుకుంటారు. పాప చెప్పదలచుకున్నది ‘మమ్మీ ఈజ్ ఎట్ ది హాస్పిటల్’. మనిషి ప్రస్తుతం ఎక్కడున్నారో చెప్పడమే ముఖ్యమైతే ‘ఎట్’ అంటారు. ‘ఎట్ స్కూల్’, ‘ఎట్ ది బస్ స్టాప్’ కూడా అంతే.

‘ఇన్’, ‘ఇంటు’: ఇక్కడ తెలుగే సాయం చేస్తుంది

‘పాప గదిలో పరుగెత్తింది’ అంటే అప్పటికే గదిలో ఉంది, అక్కడే పరుగెత్తింది. ‘గదిలోకి పరుగెత్తింది’ అంటే బయటి నుంచి లోపలికి వచ్చింది. మొదటిదానికి ‘ర్యాన్ ఇన్ ది రూమ్’, రెండోదానికి ‘ర్యాన్ ఇంటు ది రూమ్’. ‘లో’ అయితే ‘ఇన్’, ‘లోకి’ అయితే ‘ఇంటు’ అని చెప్తే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

మాట్లాడేటప్పుడు మనం ‘లోకి’ బదులు ‘లో’ అనేయడం కూడా మామూలే. ‘నీళ్ళలో దూకాడు’ అంటాం. అలాంటప్పుడు ‘నీళ్ళలోకి దూకాడు’ అని మార్చి చూడమనండి. వాక్యం అతికినట్టుంటే ‘ఇంటు’ రాయాలి: ‘జంప్డ్ ఇంటు ది వాటర్’. ‘పుస్తకం బ్యాగులో పెట్టు’ అనే వాక్యాన్ని ‘బ్యాగులోకి పెట్టు’ అని మారిస్తే చెవికి అతకదు. అక్కడ ‘ఇన్’ చాలు: ‘పుట్ ది బుక్ ఇన్ ది బ్యాగ్’.

ఈ పద్ధతి ‘ఎంటర్’ దగ్గర పనిచేయదు. ‘గదిలోకి ప్రవేశించాడు’ అనుకుని పిల్లలు ‘ఎంటర్డ్ ఇంటు ది రూమ్’ అని రాస్తారు. ‘లోకి’ అనే అర్థం ‘ఎంటర్’ అన్న మాటలోనే ఉంది కాబట్టి ‘ఎంటర్డ్ ది రూమ్’ అంటే సరిపోతుంది.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

భోజనాల దగ్గర ఈ నాలుగు వాక్యాలు తెలుగులో చెప్పి, ఇంగ్లిష్‌లో చెప్పమనండి: తాతయ్య ఆటోలో ఉన్నారు. అక్క రైల్లో ఉంది. అన్నయ్య బస్ స్టాప్‌లో ఉన్నాడు. పిల్లి వంటింట్లోకి పరుగెత్తింది. జవాబులు వరుసగా ఇన్, ఆన్, ఎట్, ఇంటు. తప్పు చెప్తే వెంటనే జవాబు చెప్పేయకండి. ఆ ‘లో’ ఎలాంటి ‘లో’ అని అడగండి. నడిచే చోటున్న బండా, కూర్చోవడానికే వీలున్న బండా? ఎక్కడున్నారో చెప్తున్నామా, లోపలికి వెళ్ళడం గురించి చెప్తున్నామా? జవాబు వాళ్ళకే తడుతుంది.