కదలని ముఖం ఎందుకు వణుకుతుంది?

సాహసాల షాట్‌లో డూప్ ముఖం మీద హీరో ముఖం అతికించినప్పుడు, పరుగులోనూ దూకుడులోనూ లోపం పెద్దగా కనపడదు. దూకే ముందు గోడ మీద నిలబడి కిందికి చూసే ఆ రెండు క్షణాల్లోనే దొరికిపోతుంది. తల కదలదు, మెడ కదలదు, జుట్టు కూడా కదలదు. ముఖం మాత్రం చెరువు నీళ్ల మీది ఆకులా సన్నగా అల్లాడుతూ ఉంటుంది. రంగు కాస్త తేడాగా ఉంటే ప్రేక్షకుడు సరిపెట్టుకుంటాడు. ఈ వణుకును మాత్రం సరిపెట్టుకోడు. ఏదో అతికించారని తెలిసిపోతుంది.

ఈ వణుకుకు కారణం కొత్త ముఖంలో ఉండదు, దాన్ని ఎక్కడ అతికించాలో చెప్పే గుర్తుల్లో ఉంటుంది. ముఖాన్ని మార్చే ప్రోగ్రాము ముందుగా డూప్ ముఖం మీద కనుకొలకులు, ముక్కుకొన, పెదవుల అంచులు, దవడ గీత వంటి చోట్ల చుక్కలు గుర్తిస్తుంది. వీటిని ల్యాండ్‌మార్క్‌లు అంటారు. చాలామంది వాడే పద్ధతిలో ఇవి 68. వాటిలో 17 దవడ చుట్టూ, 20 నోటి చుట్టూ ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేములుంటే 24 సార్లూ ఈ చుక్కల్ని కొత్తగా వెతుకుతుంది. కిందటి ఫ్రేములో ముక్కుకొన ఎక్కడ పెట్టిందో దానికి గుర్తుండదు. ముఖం కదలకపోయినా చిత్రంలోని సన్నని గ్రెయిను ప్రతి ఫ్రేములో మారుతుంది, వీడియోను కుదించినప్పుడు పడే మచ్చలూ మారతాయి. అందుకే చుక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంది. వరుసగా ఐదు ఫ్రేముల్లో ముక్కుకొన అడ్డం కొలత 640.0, 641.2, 639.1, 640.8, 639.5 అని వచ్చిందనుకోండి. మనిషి మాత్రం రాయిలా నిలబడే ఉన్నాడు.

ఒక్క పిక్సెల్ తేడాకే ఇంత గొడవా అనిపిస్తుంది. కానీ ఆ తేడా అక్కడే ఆగదు. రెండు కళ్ల మధ్య దూరం 60 పిక్సెళ్లు ఉందనుకుందాం. ఆ రెంటి ఆధారంగానే ముఖం వంపు లెక్కగడితే, ఒక కన్ను చుక్క ఒక్క పిక్సెల్ పైకి జరిగినా ముఖమంతా దాదాపు ఒక డిగ్రీ తిరుగుతుంది. కళ్లకు 80 పిక్సెళ్ల కిందున్న గడ్డం పక్కకు 1.3 పిక్సెళ్లు జరుగుతుంది. కంటి దగ్గర పుట్టిన తప్పు గడ్డం దగ్గరికి వచ్చేసరికి పెరిగింది. అందుకే ఒకటి రెండు చుక్కల్ని నమ్మకుండా, అన్నిటికీ కలిపి బాగా సరిపోయే స్థానం, సైజు, వంపు లెక్కగట్టడం మంచిది. ఆ లెక్కలోంచి దవడ చుక్కల్ని తీసేస్తే ఇంకా నయం. నున్నటి దవడ గీత మీద చుక్కకు పట్టు దొరకదు, అటూ ఇటూ జారుతూనే ఉంటుంది.

ఇంత చేసినా కొంత వణుకు మిగులుతుంది. దాన్ని ఫ్రేముల వరుస మీద పనిచేసే ఫిల్టరుతో తీయాలి. అన్నిటికన్నా తేలికైన ఫిల్టరు ఇదీ: కొత్త కొలతను ఐదో వంతే నమ్మడం, మిగతా నాలుగు వంతులు కిందటి ఫ్రేము జవాబును నిలుపుకోవడం. గ్రెయిను వల్ల వచ్చే వణుకు దీంతో సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. గోడ మీద నిలబడ్డ మనిషికి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. అతను దూకగానే అసలు చిక్కు మొదలవుతుంది. తల ఫ్రేముకు 10 పిక్సెళ్ల చొప్పున కదులుతుంటే, ఈ ఫిల్టరు నాలుగు ఫ్రేములు వెనకబడుతుంది. అంటే ముఖం తల కన్నా 40 పిక్సెళ్లు వెనక వస్తుంది. వణుకు పోయింది గానీ ముఖం ఊడి వస్తున్నట్టుంటుంది. నా దృష్టిలో ఇది వణుకు కన్నా ఘోరం.

నిలబడ్డప్పుడు గట్టిగా పట్టుకుని, కదిలినప్పుడు వదిలేసే ఫిల్టరు కావాలి. 2012లో గెరీ కాసియే, నికొలా రూసెల్, డానియెల్ వోగెల్ ప్రకటించిన వన్ యూరో ఫిల్టరు సరిగ్గా ఈ పని చేస్తుంది. చుక్క వేగాన్ని చూసుకుంటూ, దాన్ని బట్టి తన పట్టును మార్చుకోవడమే దాని కిటుకు.

```
fc    = mincutoff + beta * abs(speed)
tau   = 1 / (2 * pi * fc)
alpha = 1 / (1 + tau * fps)
x     = alpha * measured + (1 - alpha) * x_prev
```

ఇందులో `alpha` అంటే కొత్త కొలత మీద పెట్టే నమ్మకం. `mincutoff` 1, `beta` 0.05 అనుకుని మన షాటుకే లెక్క వేద్దాం. నిలబడ్డప్పుడు వేగం సున్నా కాబట్టి `alpha` సుమారు 0.21 వస్తుంది. ఇందాకటి ఐదో వంతు నమ్మకం దాదాపు ఇదే. తల ఫ్రేముకు 10 పిక్సెళ్లు, అంటే సెకనుకు 240 పిక్సెళ్లు కదిలినప్పుడు `fc` 13 అవుతుంది, `alpha` 0.77కి పెరుగుతుంది. 40 పిక్సెళ్ల వెనకబాటు 3 పిక్సెళ్లకు దిగుతుంది. ఆ వేగంలో కెమెరాలో తల ఎలాగూ కాస్త అలుక్కుపోతుంది కనుక ఆ మూడూ కంటికి ఆనవు. వేగాన్ని కూడా కొద్దిగా మెత్తబరిచే కొలుస్తారు, అందుకని ఉలిక్కిపడ్డట్టు తల తిప్పిన మొదటి ఒకటి రెండు ఫ్రేముల్లో మాత్రం వెనకబాటు కాస్త ఎక్కువే ఉంటుంది.

విలువలు కుదుర్చుకోవడానికీ ఒక వరుస ఉంది. ముందు `beta` సున్నా పెట్టి, మనిషి కదలని చోట వణుకు పోయేదాకా `mincutoff` తగ్గించాలి. తర్వాత వేగంగా కదిలే చోట ముఖం వెనకబడకుండా ఉండేదాకా `beta` పెంచాలి. పిక్సెళ్లలో కొలిస్తే క్లోజప్‌కు కుదిరిన విలువలు దూరపు షాటుకు కుదరవు. వేగాన్ని కళ్ల మధ్య దూరంతో భాగిస్తే ఆ బాధ తప్పుతుంది. షాటు మారగానే ఫిల్టరును కొత్తగా మొదలుపెట్టాలి. లేకపోతే పాత షాటులోని చోటు నుంచి ముఖం ఈదుకుంటూ వస్తుంది.

లైవ్ వీడియోకు ఇంతకన్నా దారి లేదు. తీసి పెట్టుకున్న సినిమా షాటుకు ఇంకో సౌలభ్యం ఉంది: రాబోయే ఫ్రేములు కూడా మన చేతిలోనే ఉంటాయి. ఐదో వంతు నమ్మకంతో నడిచే ఆ తేలిక ఫిల్టరునే మొదటి నుంచి చివరికి ఒకసారి, చివరి నుంచి మొదటికి ఇంకోసారి నడిపితే, ఒకవైపు వెనకబాటును మరోవైపు ముందుబాటు సరిచేస్తుంది.

చాలామంది పొరబడే చోటు ఇంకొకటుంది. మొత్తం 68 చుక్కల్నీ ఒకే పట్టుతో మెత్తబరుస్తారు. రెప్పపాటు 24 ఫ్రేముల వీడియోలో కొద్ది ఫ్రేముల్లోనే అయిపోతుంది. గట్టి ఫిల్టరు దాన్ని గ్రెయిను లాగే అనుకుని చెరిపేస్తుంది, కళ్లు సగమే మూసుకుంటాయి. పెదవులదీ అదే కథ. ప, బ, మ పలకాలంటే పెదవులు పూర్తిగా కలవాలి. ఆ ముఖం ‘అమ్మ’ అన్నప్పుడు పెదవులు కలవకపోతే ఏ తెలుగు చెవీ ఒప్పుకోదు. అందుకని గట్టి ఫిల్టరును ముఖం స్థానానికి, సైజుకు, వంపుకు మాత్రమే వేయాలి. రెప్పలకూ పెదవులకూ చాలా తేలికగా వేయాలి, లేదా అసలు వేయకూడదు.

ఫిల్టరుకు అంతుచిక్కనిది చేతిలో పట్టుకున్న కెమెరా వణుకు. అది నిజమైన కదలికే, తల కూడా దాంతోపాటు కదులుతుంది. ఫిల్టరు దాన్నీ తప్పుగా లెక్కేసి తుడిచేస్తే తల ఊగుతుంది, ముఖం నిలిచిపోతుంది. అలాంటి షాటులో ముందు వెనకనున్న గోడ కదలికను బట్టి కెమెరా వణుకును కొలిచి తీసేయాలి. మిగిలిన దానికి ఫిల్టరు వేసి, ఆ వణుకును మళ్లీ కలపాలి.

ఫలితం సరిగ్గా వచ్చిందో లేదో వీడియోను పదేపదే చూసి తేల్చుకోవడం కష్టం, కన్ను అలవాటు పడిపోతుంది. ముక్కుకొన కొలతను ఫ్రేముల వారీగా గ్రాఫు గీస్తే ఇట్టే తెలుస్తుంది. ఫిల్టరుకు ముందు గోడ మీది క్షణాల్లో గీత రంపపు పళ్లలా ఉంటుంది. తర్వాత సాపుగా ఉండాలి, దూకే చోట పాత గీతతో అతుక్కునే పోవాలి. గీత సాపుగా ఉండి కూడా తెర మీద ముఖం మినుకుమంటుంటే ఇక చుక్కల్ని వెతకనక్కర్లేదు. అతుకు అంచులోనో, ఫ్రేము ఫ్రేముకూ మారుతున్న రంగులోనో చూడాలి.