పోతలో దాగిన గుల్ల

మా బడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న ఉక్కు పోత కర్మాగారం ఉంది. ఒకసారి పదవ తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. ఆ రోజు మేస్త్రీ ముఖం చిన్నబోయి ఉంది. అంతకు ముందు వారం పోసిన ఉక్కు పలక ఒకటి వెనక్కి వచ్చింది. దాని పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు 20, మందం 5. బరువు 15 కిలోల పైనే. పైకి చూస్తే ఏ లోపమూ లేదు. కాని కొన్నవాళ్లు యంత్రం మీద దాని పైముఖాన్ని చెక్కేసరికి నడుమ నిమ్మకాయ పట్టేంత గుల్ల బయటపడింది.

“గాలిబుడగ చిక్కుకుందేమోనండీ!” అన్నాడు మా పిల్లల్లో ఒకడు.

“గాలిబుడగ అయితే లోపలి గోడ నున్నగా ఉంటుంది బాబూ. దీన్ని తడిమి చూడు, ముళ్లు ముళ్లుగా ఉంది. ఇది లోహం చాలక ఏర్పడిన గుల్ల” అన్నాడు మేస్త్రీ.

అచ్చు నిండా పోసిన లోహం చాలకపోవడమేమిటి? నీరు గడ్డకట్టినప్పుడు వ్యాకోచిస్తుందని మీరు చదువుకున్నారు. కాని చాలా లోహాలు అందుకు విరుద్ధం. గడ్డకట్టినప్పుడు అవి సంకోచిస్తాయి. కరిగిన ఉక్కు చల్లారుతూ గడ్డకట్టేలోగా దాని ఘనపరిమాణం సుమారు 4 శాతం తగ్గుతుందని లెక్క వేసుకోవచ్చు. ఇసుక అచ్చులో లోహం బయటినుంచి లోపలికి గడ్డకడుతుంది. ముందు పైపొర గట్టిపడుతుంది. తరువాత లోపలి ద్రవం సంకోచిస్తే, తగ్గిన ఆ చోటును నింపేందుకు ఏమీ ఉండదు. చివరగా గడ్డకట్టే చోట గుల్ల మిగులుతుంది. కొవ్వొత్తి మైనాన్ని కరిగించి చిన్న గిన్నెలో పోసి చల్లారనివ్వండి. నడుమ గుంట పడటం మీరే చూస్తారు.

గుల్ల రాకుండా చేయడం మన చేతుల్లో లేదు. అది ఎక్కడ రావాలో నిర్ణయించడం మాత్రం మన చేతుల్లో ఉంది. అందుకే పోతకు అంటుకుని ఉండేలా అచ్చులో మరొక గుంట చేసి, దాన్ని కూడా లోహంతో నింపుతారు. దానిని రైజర్ అనీ, ఫీడర్ అనీ అంటారు. పోత సంకోచిస్తున్న కొద్దీ రైజర్‌లోని ద్రవం దానిలోకి దిగుతుంది. గుల్ల రైజర్‌లో ఏర్పడుతుంది. ఆ తరువాత రైజర్‌ను కోసి మళ్లీ కొలిమిలో వేస్తారు. అయితే ఇదంతా జరగాలంటే ఒక షరతు ఉంది. పోత గడ్డకట్టిన తరువాతే రైజర్ గడ్డకట్టాలి.

మరి ఏది ముందు గడ్డకడుతుందో పోయకముందే చెప్పడం ఎలా? పోగొట్టుకోవలసిన వేడి ఎంత అన్నది లోహం ఘనపరిమాణం V మీద ఆధారపడుతుంది. ఆ వేడి బయటకు పోయే దారి ఉపరితల వైశాల్యం A. కాలం గడిచే కొద్దీ లోహం చుట్టూ ఉన్న ఇసుక వేడెక్కుతుంది, అందువల్ల వేడిని పీల్చుకునే వేగం తగ్గుతుంది. 4 రెట్లు కాలం గడిస్తే ఇసుక పీల్చుకునే వేడి 4 రెట్లు కాదు, 2 రెట్లే అవుతుంది. అంటే పీల్చుకున్న వేడి కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుందన్నమాట. దీనినుంచి వచ్చే సూత్రం ఇది:

t = k (V/A)²

దీనిని ఛ్వోరినోవ్ అనే చెక్ ఇంజనీరు 1940లో ప్రచురించాడు. V/A నిష్పత్తిని మాడ్యులస్ అంటారు. k విలువ లోహాన్ని, అచ్చు ఇసుకను, పోసే ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. పోత, రైజర్ ఒకే లోహంతో, ఒకే ఇసుకలో ఉంటాయి కనుక వాటిని పోల్చేటప్పుడు k కొట్టివేయబడుతుంది. మాడ్యులస్‌లను పోలిస్తే చాలు.

ఇప్పుడు మన పలకను చూద్దాం. దాని ఘనపరిమాణం 20 × 20 × 5 = 2000 ఘన సెంటీమీటర్లు. పెద్ద ముఖాలు రెండూ కలిసి 800, అంచులు నాలుగూ కలిసి 400, మొత్తం 1200 చదరపు సెంటీమీటర్లు. మాడ్యులస్ 2000/1200 = 1.67 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల ఘనానికి కట్టి చూడండి: 1000/600, అదీ 1.67 సెంటీమీటర్లే! బరువులో సగమే ఉన్నా ఘనం, పలక ఒకేసారి గడ్డకడతాయి. కాలాన్ని నిర్ణయించేది బరువు కాదు, V/A నిష్పత్తి.

మేస్త్రీ పెట్టిన రైజర్ 8 సెంటీమీటర్ల వ్యాసం, 8 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న స్తూపం. వ్యాసం, ఎత్తు రెండూ Dకి సమానమైన స్తూపానికి మాడ్యులస్ D/6 అవుతుంది. మీరే రుజువు చేసి చూడండి. 8ని 6తో భాగిస్తే 1.33 సెంటీమీటర్లు. ఇది పలక మాడ్యులస్‌లో 0.8 వంతు. కాలం దీని వర్గాన్ని అనుసరిస్తుంది కనుక 0.64 వంతు. అంటే పలక గడ్డకట్టడానికి 100 నిమిషాలు పడితే రైజర్ 64 నిమిషాలకే గట్టిపడి తలుపు మూసేసిందన్నమాట. ఆ తరువాత పలకకు లోహం అందించేవారు లేరు.

ఎంత రైజర్ కావాలి? పోత మాడ్యులస్ కంటే 1.2 రెట్లు ఉండాలని వాడుకలో ఉన్న నియమం. కాలంలో అది 1.44 రెట్లు. 1.67ను 1.2తో గుణిస్తే 2. D/6 = 2 కనుక D = 12 సెంటీమీటర్లు.

ఇక్కడితో పని పూర్తి కాలేదు. రైజర్ ఆలస్యంగా గడ్డకట్టడమే కాదు, దాని దగ్గర ఇవ్వడానికి సరిపడా లోహం కూడా ఉండాలి. రైజర్ తన గోడల వెంట తానూ గడ్డకడుతూనే ఉంటుంది. మామూలు స్తూపం తన లోహంలో సుమారు 14 శాతమే ఇవ్వగలదు. మన 12 సెంటీమీటర్ల రైజర్ ఘనపరిమాణం 1357 ఘన సెంటీమీటర్లు. అందులో 14 శాతం 190. కావలసింది పలక, రైజర్ కలిసిన 3357లో 4 శాతం, అంటే 134. కాబట్టి చాలు. పాత రైజర్ ఘనపరిమాణం 402 మాత్రమే. అది ఇవ్వగలిగేది 56, కావలసింది 96. లోటు 40 ఘన సెంటీమీటర్లు. నిమ్మకాయ ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిందా?

రైజర్ పలక మీద నిలబడినచోట ఇసుక ఉండదు కదా అని మీకు సందేహం రావచ్చు. ఆ 113 చదరపు సెంటీమీటర్లను రెండింటి వైశాల్యంనుంచీ తీసివేసి చూడండి. పలక మాడ్యులస్ 1.84, రైజర్‌ది 2.4 అవుతాయి. నిష్పత్తి 1.3. మన నిర్ణయం మారదు.

మరి ఇంకా పెద్ద రైజర్ పెడితే భద్రం కదా? 12 సెంటీమీటర్ల రైజరే 10.6 కిలోలు తూగుతుంది. 15.6 కిలోల పలక కోసం అంత ఉక్కు అదనంగా కరిగించి, కోసి, మళ్లీ కరిగించాలి. పైగా పలక మరీ పొడవైతే ఒక రైజర్ ఎంత పెద్దదైనా చివరిదాకా అందించలేదు. రెండు మూడు చోట్ల పెట్టవలసిందే. బూడిదరంగు పోత ఇనుముకు ఈ లెక్క ఇలాగే పనికిరాదు. గడ్డకట్టేటప్పుడు దానిలో గ్రాఫైట్ ఏర్పడి కొంత వ్యాకోచం కలుగుతుంది. అందువల్ల దానికి చిన్న రైజర్ చాలు.

తిరిగి వచ్చాక ఈ లెక్కను మా పిల్లలు కాగితం మీద వేసి మేస్త్రీకి పంపారు. అతడు 12 సెంటీమీటర్ల రైజర్‌తో మరో పలక పోశాడు. పోసిన వెంటనే రైజర్ తల మీద వరిపొట్టు బూడిద చల్లాడు, పైపొర తొందరగా గట్టిపడకుండా. మేము మళ్లీ వెళ్లేసరికి కోసిన రైజర్ నేలమీద ఉంది. దాని తలలో గరాటులాంటి లోతైన గుంట.

“రైజర్ తల చదునుగా ఉంటే భయపడాలి, గుంట పడితే సంతోషించాలి. దిగవలసిన లోహం పలకలోకి దిగిందన్నమాట” అన్నాడు మేస్త్రీ. ఈసారి చెక్కిన పలకలో ఎక్కడా గుల్ల లేదు.