ఒకే మనిషికి రెండు ప్రొఫైళ్లు

మన ఇంటిపేరు ముందుంటుంది, పాశ్చాత్యులది చివర. పరిశోధన పత్రాల డేటాబేస్‌లలో చిక్కంతా ఇక్కడే. కె. వెంకటరమణ అనే అధ్యాపకుడున్నాడనుకుందాం. ఒక జర్నల్‌లో `K. Venkata Ramana` అని, ఇంకోదానిలో `Venkataramana K.` అని అచ్చయితే, స్కోపస్‌లో ఆయనకు రెండు ప్రొఫైళ్లు ఏర్పడవచ్చు.

నష్టం లెక్కలో తెలుస్తుంది. మొదటి ప్రొఫైల్‌లోని నాలుగు పత్రాలకు ఉల్లేఖనలు 9, 7, 4, 3. రెండోదానిలో 8, 6, 5, 2. విడివిడిగా హెచ్-ఇండెక్స్ 3 చొప్పునే. కలిపితే ఐదు పత్రాలకు కనీసం ఐదేసి ఉల్లేఖనలున్నాయి కాబట్టి 5 అవుతుంది. ఎదుగుతున్న పరిశోధకుడికి ఇది చిన్న తేడా కాదు.

స్కోపస్‌లో పేరును రెండు విధాలా వెతికి, తనవైన ప్రొఫైళ్లను ఎంచుకుని, కలపమని అభ్యర్థన పంపాలి. పంపేముందు ప్రతి పత్రాన్నీ తెరిచి చూడాల్సిందే. వెంకటరమణలు చాలామంది! రసాయనశాస్త్రవేత్త జాబితాలో సివిల్ ఇంజనీరింగ్ పత్రం, ఎరుగని సహరచయితలు కనిపిస్తే అది వేరొకరిది, తీసేయమని చెప్పాలి. విలీనమైనా పాత పత్రాల మీద అచ్చయిన పేరు మాత్రం మారదు. కొత్త పత్రాలకైనా ఒకే పేరు, 16 అంకెల ఆర్కిడ్ సంఖ్య ఇవ్వడం మంచిది.