లెవెల్ పెరిగినా మారని కుర్చీ

ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన మనిషికి రెండు నిచ్చెనలు ఉంటాయి. ఒకటి జీతానిది, రెండోది పోస్టుది. ఈ రెండూ ఒకటేననుకోవడం వల్లే పదేళ్ల సర్వీసు దాటినవాళ్లలో చాలామందికి నిరాశ మిగులుతోంది.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష రాసి, హైదరాబాద్‌లోని ఒక కేంద్ర కార్యాలయంలో ఎల్‌డీసీగా, అంటే దిగువ శ్రేణి గుమాస్తాగా చేరిన అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె పోస్టు ఏడో వేతన సంఘం పట్టికలో లెవెల్ 2 కింద ఉంటుంది. మొదటి బేసిక్ 19,900 రూపాయలు. ఏటా సుమారు మూడు శాతం ఇంక్రిమెంటు కలుస్తుంది. పది ఇంక్రిమెంట్లు పడేసరికి బేసిక్ 26,800 అవుతుంది. దీనికి ఎవరూ పోటీ పడనక్కర్లేదు, ఏ ఖాళీ కోసమూ చూడనక్కర్లేదు. కాలం గడిస్తే చాలు.

పోస్టు సంగతి వేరు. ఎల్‌డీసీ పైన యూడీసీ ఉంది, అది లెవెల్ 4. అక్కడికి వెళ్లాలంటే ఆ కేడర్‌లో మంజూరైన పోస్టుల్లో ఒకటి ఖాళీ కావాలి. సీనియారిటీ జాబితాలో ఆమె వంతు రావాలి. డీపీసీ అనే పదోన్నతుల కమిటీ కూర్చుని ఆమె వార్షిక నివేదికలు చూడాలి. పైన ఉన్నవాళ్లు వయసులో చిన్నవాళ్లయితే, ఎంత బాగా పనిచేసినా ఆమెకు దారి తెరుచుకోదు.

ఇలా ఆగిపోయినవాళ్ల కోసం 1999లో ఏసీపీ పథకం వచ్చింది. పన్నెండేళ్లకు ఒకసారి, ఇరవై నాలుగేళ్లకు మరోసారి పై పోస్టు జీతం ఇచ్చేవారు. 2008 సెప్టెంబరు నుంచి దాని స్థానంలో ఎంఏసీపీ అమల్లోకి వచ్చింది. పది, ఇరవై, ముప్పై ఏళ్లకు ఒక్కో మెట్టు పెరుగుతుంది. గడువు తగ్గింది, మెట్లు పెరిగాయి. కానీ పెరిగే మెట్టు పై పోస్టుది కాదు, పట్టికలో పక్కనున్న లెవెల్‌ది. మన ఎల్‌డీసీకి పదేళ్లకు దక్కేది యూడీసీ లెవెల్ 4 కాదు, లెవెల్ 3. దీని మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పక్క లెవెల్ ఇస్తే సరిపోతుందని 2020లో తీర్పు వచ్చింది.

తేడా ఎంతో లెక్క కట్టి చూద్దాం. ఎంఏసీపీ వచ్చినప్పుడు ముందు పాత లెవెల్‌లో ఒక ఇంక్రిమెంటు కలుపుతారు. 26,800 కాస్తా 27,600 అవుతుంది. లెవెల్ 3లో అదే అంకె ఉంది కాబట్టి అక్కడే నిలుపుతారు. అదే రోజు నిజమైన ప్రమోషన్ వచ్చి ఉంటే, 27,600కు సమానమైన అంకె లెవెల్ 4లో లేదు కనుక దాని పైనున్న 27,900 దగ్గర నిలిపేవారు. బేసిక్‌లో తేడా మూడు వందలే!

మూడు వందలే కదా అని తేలిగ్గా తీసుకోవడం నా దృష్టిలో పొరపాటు. ఎంఏసీపీ వచ్చినా ఆమె ఎల్‌డీసీయే. హోదా మారదు, పని మారదు, సీనియారిటీ జాబితాలో స్థానం కదలదు. యూడీసీ అయినవాళ్లకు మాత్రం తర్వాతి పోస్టు వరుసలో చోటు దొరుకుతుంది. కేంద్ర సచివాలయంలోనైతే అది అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్, లెవెల్ 7, మొదటి బేసిక్ 44,900. ఎంఏసీపీ ఈ వరుసలో చోటు ఇవ్వదు.

ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది. మధ్యలో ప్రమోషనే రాకపోతే ఇరవై ఏళ్లకు ఆమె లెవెల్ 4కు చేరుతుంది. ఆ తర్వాత యూడీసీగా ప్రమోషన్ వస్తే, ఆ లెవెల్ జీతం అప్పటికే అందుతోంది కాబట్టి మళ్లీ జీతం స్థిరీకరించరు. బాధ్యత పెరుగుతుంది, బేసిక్ పెరగదు. ఈ లెక్క చూసుకుని ప్రమోషన్ వద్దనేవాళ్లు ఉన్నారు. ఎంఏసీపీ గడువు రాకముందే వచ్చిన ప్రమోషన్‌ను కాదంటే అసలుకే మోసం, ఎందుకంటే అవకాశం లేక ఆగిపోయినవాళ్ల కోసమే ఈ పథకం.

ఐఏఎస్‌లో పద్ధతి వేరు. అక్కడ హోదా కుర్చీతో కాక మనిషితో నడుస్తుంది. చేరినప్పుడు లెవెల్ 10, నాలుగేళ్లకు 11, తొమ్మిదేళ్లకు 12, పదమూడేళ్లకు 13. కలెక్టర్‌గా ఉన్నా సచివాలయానికి మారినా ఆ లెవెల్ వెంట వస్తుంది. గుమాస్తా జీతం ఆమె కూర్చున్న పోస్టు విలువను బట్టి మొదలవుతుంది, అధికారి జీతం ఆయన సర్వీసును బట్టి సాగుతుంది. రాష్ట్ర ఉద్యోగులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగేళ్లకు వచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ కూడా ఎంఏసీపీ లాంటిదే. జీతాన్ని పెంచుతుంది, పోస్టును కాదు.

కొత్తగా చేరేవాళ్లు అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో జీతం అంకె ఒక్కటే చూసి ఊరుకోకూడదు. పై పోస్టు రిక్రూట్‌మెంట్ రూల్స్ తెప్పించుకుని, అందులో ప్రమోషన్ వాటా ఎంత, నేరు నియామకం వాటా ఎంత, ఎన్నేళ్ల సర్వీసు అడుగుతున్నారో చూడాలి. తర్వాత సీనియారిటీ జాబితాలో తమ పైనున్నవాళ్లు ఏ సంవత్సరం రిటైరవుతారో రాసుకుంటే, తమ వంతు ఎప్పుడొస్తుందో దాదాపుగా తేలిపోతుంది. ముసాయిదా జాబితా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. పేరు కింద పడిందనిపిస్తే ఆ గడువులోపే రాతపూర్వకంగా అడగాలి. జాబితా ఖరారై ఏళ్లు గడిచాక దాన్ని తిరగదోడటానికి కోర్టులు సాధారణంగా ఇష్టపడవు.